వరద జ్ఞాపకానికి రెండు వైద్యాలు

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో నీరు 71 అడుగులు దాటింది. 1986లో 75.6 అడుగులు వచ్చాక మళ్లీ అంత నీరు చూడటం అదే. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. బూర్గంపాడు, దుమ్ముగూడెం, చర్ల, అశ్వాపురం వైపు ఎన్నో ఊళ్లు పునరావాస కేంద్రాలకు తరలాయి.

అంత వరద చూసినవాళ్లలో ఎక్కువమంది కొన్ని వారాలు నిద్ర సరిగ్గా పట్టక, ఉలిక్కిపడుతూ గడిపి, ఇల్లు కడుక్కుని, పొలం చూసుకుని క్రమంగా తేరుకుంటారు. వాళ్లకు మానసిక చికిత్స అక్కర్లేదు. మొదటి రోజుల్లోనే అందరినీ కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పించే పద్ధతి ఒకప్పుడు ఉండేది. దానివల్ల మేలు లేదని పరిశోధనల్లో తేలింది, కొందరికి కీడు జరిగినట్టు కూడా కనిపించింది. అప్పుడు కావలసింది అన్నం, పొడి బట్టలు, తప్పిపోయినవాళ్ల సమాచారం, పక్కన తెలిసిన మనిషి. నెల దాటాక కూడా అదే దృశ్యం కళ్ల ముందుకు వస్తూంటే, పీడకలలు ఆగకపోతే, ఆ దారి తొక్కడానికే భయపడుతుంటే, ఒళ్లు ఎప్పుడూ బిగుసుకుని ఉంటే డాక్టర్లు పీటీఎస్‌డీ గురించి ఆలోచిస్తారు. దానికి గట్టి ఆధారం ఉన్న మాటల వైద్యాలు ముఖ్యంగా రెండు. ఒకటి కళ్లను కదిలించే ఈఎమ్‌డీఆర్. రెండోది ట్రామా మీద కేంద్రీకరించిన కాగ్నిటివ్ థెరపీ.

రెండూ ఎలా సాగుతాయో చూపడానికి ఒక మనిషిని ఊహించుకుందాం. గోదారి ఒడ్డు పల్లెలో ముప్పై అయిదేళ్ల ఆడమనిషి. రాత్రివేళ నీళ్లు ఇంట్లోకి వచ్చాయి. పిల్లలిద్దరితో పడవ ఎక్కి అత్తను లాగుతుండగా ఆమె చెయ్యి జారిపోయింది. అత్త దక్కలేదు. రెండేళ్లయినా వాన పడితే ఈమెకు నిద్ర లేదు. మైకులో నీటిమట్టం చెబుతుంటే వణికిపోతుంది. కరకట్ట వైపు వెళ్లదు. అడిగితే వచ్చే మాట ఒక్కటే: “నేను చెయ్యి వదిలేశాను.”

ఈఎమ్‌డీఆర్‌లో మొదటి ఒకటి రెండు సిట్టింగులు తయారీకే పోతాయి. ఆమె జీవితంలో ఏం జరిగిందో, ఇప్పుడు ఎవరి అండ ఉందో తెలుసుకుంటారు. మనసు కుదుటపడే చోటొకటి ఊహించుకోవడం నేర్పుతారు. వద్దనిపిస్తే చెయ్యెత్తి ఆపమనవచ్చని ముందే చెబుతారు. తర్వాత అన్నిటికంటే బాధపెట్టే దృశ్యాన్ని ఎంచుకోమంటారు. ఈమెకది జారిపోతున్న చెయ్యి. ఆ దృశ్యం తన గురించి తనకేం చెబుతోంది? “నావల్లే పోయింది.” దాని బదులు ఏం నమ్మగలిగితే బాగుండు? “నా చేతనైంది చేశాను.” ఈ రెండో మాట ఇప్పుడు ఎంత నిజమనిపిస్తోందో ఒకటి నుంచి ఏడు వరకు చెప్పమంటారు. ఆమె రెండు అంటుంది. బాధ ఎంతో సున్నా నుంచి పది వరకు అడిగితే తొమ్మిది. ఒంట్లో ఎక్కడ తెలుస్తోందంటే కుడి అరచేతిలో, గుండెల మీద.

అప్పుడు థెరపిస్టు కాస్త పక్కగా కూర్చుని రెండు వేళ్లు ఆమె కళ్ల ముందు అటూ ఇటూ ఆడిస్తారు. ఆమె ఆ దృశ్యాన్ని మనసులో పెట్టుకుని, తల కదపకుండా కళ్లతో వేళ్లను వెంబడిస్తుంది. ఇరవై నాలుగు సార్లో, మరికొన్నో, సుమారు అర నిమిషం. ఆపి, “ఊపిరి తీసుకోండమ్మా. ఇప్పుడేం వస్తోంది?” అని అడుగుతారు. ఆమె ఒక ముక్కలో చెప్తే చాలు. “నీళ్ల చప్పుడు.” “సరే, దానితోనే ఉండండి.” మళ్లీ వేళ్లు. తర్వాతి విడతలో పడవలో పిల్లల ఏడుపు గుర్తుకు రావచ్చు, ఆ తర్వాత అత్త మీద కోపం, ఆ వెనక దుఃఖం. వరస థెరపిస్టు నిర్ణయించరు. నాలుగైదు విడతలైనా అదే మాట, అదే బాధ తిరుగుతుంటే దారి మూసుకుపోయినట్టు. అప్పుడు చిన్న ప్రశ్న వేస్తారు: “ఆ సమయానికి మీ రెండో చేతిలో ఎవరున్నారు?” చిన్నపిల్ల ఉందని ఆమెకు గుర్తొస్తే వరస మళ్లీ కదులుతుంది. బాధ సున్నాకో ఒకటికో దిగాక, “నా చేతనైంది చేశాను” అన్న మాటను దృశ్యంతో కలిపి ఇంకొన్ని విడతలు చేస్తారు. తల నుంచి పాదాల దాకా ఒంట్లో బిగువు మిగిలిందేమో చూసుకోమంటారు. ఒక సిట్టింగుకి గంట నుంచి గంటన్నర. బాధ ఎనిమిది దగ్గర ఉండగా టైమ్ అయిపోయిందని ఇంటికి పంపడం పెద్ద తప్పు. చివరి పది నిమిషాలు మనసు నెమ్మదించడానికే ఉంచాలి.

కాగ్నిటివ్ థెరపీలో మాటలు ఎక్కువ. ఆంకె ఎహ్లర్స్, డేవిడ్ క్లార్క్ 2000లో వివరించిన పద్ధతి ప్రకారం, జరిగిపోయిన ప్రమాదం ఇప్పటికీ జరుగుతున్నట్టు అనిపించడానికి కారణాలున్నాయి. ఆ జ్ఞాపకం ముక్కలుగా మిగిలిపోయి, తర్వాత తెలిసిన సంగతులతో కలవకపోవడం ఒకటి. దానికి మనిషి తీసిన అర్థం మరొకటి. భయంతో మొదలుపెట్టిన జాగ్రత్తలు ఆ రెంటినీ మారనివ్వవు. ఈమె కళ్లు మూసుకుని ఆ రాత్రిని ఇప్పుడే జరుగుతున్నట్టు చెబుతుంది: “నీళ్లు మోకాళ్ల దాకా వచ్చినయి, అత్తని పిలుస్తున్నా…” ఎక్కడ గొంతు పూడుకుపోతుందో, ఎక్కడ గబగబా దాటేస్తుందో థెరపిస్టు గుర్తుపెట్టుకుంటారు. అసలు పని ఆ చోట్లలోనే.

తర్వాత విచారణ. “చెయ్యి వదిలేశాను” అంటే కావాలని వదిలారా, జారిందా? ఒక చేత్తో పిల్లని పట్టుకుని, ఆ ప్రవాహంలో ఇంకో చేత్తో పెద్దమనిషిని ఎంతసేపు పట్టుకోగలరు? మీ చెల్లెలికి ఇలా జరిగితే ఆమెనేమంటారు? జవాబులు ఆమే వెతుక్కోవాలి. “మీ తప్పేం లేదమ్మా” అని చుట్టాలు నూరుసార్లు చెప్పే ఉంటారు, అది పనిచేయలేదు. దొరికిన జవాబును తీసుకుని జ్ఞాపకంలో సరిగ్గా ఆ క్షణంలో కలుపుతారు. మళ్లీ కథ చెబుతూ చెయ్యి జారే చోటికి వచ్చినప్పుడు, “నేను వదల్లేదు, నీళ్లు లాగేసినయి, పిల్ల నా చంకలో ఉంది” అని ఆమే అంటుంది. సిట్టింగుకీ సిట్టింగుకీ మధ్య ఇంటి పని ఉంటుంది. ఈ చికిత్సల కుటుంబానికే చెందిన మరో పద్ధతి, ఎడ్నా ఫోవా రూపొందించిన ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్‌లో, తన కథ రికార్డింగును రోజూ వినమంటారు. ఒంటిగది ఇంట్లో అత్తింటివాళ్ల మధ్య అది ఎలా వింటుంది? మన పల్లెల్లో ఈ చికిత్స చాలాసార్లు చిక్కుపడేది ఇక్కడే అని నేననుకుంటాను. కళ్ల పద్ధతికి ఇంటి పని చాలా తక్కువ. జరిగినదాన్ని వివరంగా పైకి చెప్పాల్సిన అవసరమూ లేదు. నోట రాని అవమానం జరిగినవాళ్లకు అది చిన్న సౌలభ్యం కాదు.

కాగ్నిటివ్ థెరపీలో మిగిలింది ‘అప్పుడు – ఇప్పుడు’ అని తేడా పట్టడం. గోదారి ఒడ్డున ఇది సున్నితమైన పని. రోడ్డు ప్రమాదం జరిగిన మనిషికి అది ముగిసిపోయిందని చెప్పవచ్చు. ఈమెకు అలా చెబితే అబద్ధం, గోదారి ప్రతి ఏడూ పెరుగుతుంది. కాబట్టి భయమంతా పోగొట్టడం ఇక్కడ లక్ష్యం కాకూడదు. 30 అడుగులకు, 43 అడుగులకు, 53 అడుగులకు వేర్వేరుగా స్పందించగలగడం లక్ష్యం. వాన చప్పుడు వేరు, వరద వేరు. 43 వినగానే కాగితాలు, మందులు మూట కట్టుకోవడం వివేకం. చలికాలంలో కరకట్ట పక్క బజారుకు కూడా వెళ్లలేకపోవడం జబ్బు. కరకట్ట మీదికి థెరపిస్టుతో కలిసి వెళ్లేది జనవరిలో, ఆగస్టులో కాదు. అందుకే నాకు వీలుంటే దసరా తర్వాత చికిత్స మొదలుపెట్టి వేసవిలోపు ముగించమంటాను. చివరి సిట్టింగులో రాబోయే జూలైని మనసులో నడిపించి చూస్తారు. ఈఎమ్‌డీఆర్‌లోనూ ఆ మెట్టు ఉంది.

మరి ఏది మేలు? 2013లో కాక్రేన్ సమీక్ష 70 అధ్యయనాలను కలిపి చూసింది. పెద్దవాళ్లలో రెండూ చికిత్స లేకపోవడం కంటే మెరుగే, రెంటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయితే ఆ అధ్యయనాల నాణ్యత తక్కువని కూడా సమీక్షకులే రాశారు. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ రెంటినీ సిఫారసు చేసింది. బ్రిటన్ మార్గదర్శకాలు 2018లో రెంటికీ మామూలుగా 8 నుంచి 12 సిట్టింగులు అన్నాయి, యుద్ధ అనుభవాల వల్ల వచ్చినదానికి మాత్రం ఈఎమ్‌డీఆర్ సూచించలేదు. అమెరికా సైకాలజిస్టుల సంఘం 2017లో కాగ్నిటివ్ పద్ధతులకు గట్టి సిఫారసు, ఈఎమ్‌డీఆర్‌కు షరతులతో కూడిన సిఫారసు ఇచ్చింది.

కళ్లు కదపడం వల్ల ఏమైనా ఒరుగుతుందా అన్నదే పాత తగాదా. ఫ్రాన్సిన్ షాపిరో 1987లో పార్కులో నడుస్తుండగా తన కళ్లు కదులుతుంటే మనసులోని బాధ తగ్గడం గమనించి, 1989లో 22 మందితో తొలి అధ్యయనం ప్రచురించింది. 2001లో డేవిడ్‌సన్, పార్కర్ లెక్కలన్నీ కలిపి చూసి, కళ్లు కదపకపోయినా ఫలితం అంతేనన్నారు. 2013లో లీ, కౌపర్స్ కాదు, కళ్ల కదలిక అదనంగా తోడ్పడుతోందన్నారు. ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే వివరణ పనిచేసే జ్ఞాపకశక్తి గురించినది. నోట్లు లెక్కపెడుతూ కబుర్లు చెబితే రెండూ సగం సగమే సాగుతాయి కదా, అలాగే వేళ్లను వెంబడిస్తూ దృశ్యాన్ని పట్టుకుంటే దృశ్యం మసకబడుతుంది, దాని బాధ తగ్గుతుంది. మెదడు రెండు భాగాలనూ కలిపేస్తుందని ఎవరైనా మీకు చెబితే అంత నమ్మక్కర్లేదు. కళ్ల సంగతి ఎలా తేలినా, రెండు చికిత్సలూ చేసే ప్రధానమైన పని ఒకటే అని నా అభిప్రాయం. తప్పించుకు తిరుగుతున్న జ్ఞాపకం దగ్గరికి, తోడుండే మనిషి సమక్షంలో తిరిగి వెళ్లడం.

చదువు రానివాళ్లకు కాగ్నిటివ్ థెరపీ కుదరదనే మాట వింటుంటాం. 2013లో కాంగో నుంచి వచ్చిన అధ్యయనం దానికి జవాబు. లైంగిక హింసకు గురైన ఆడవాళ్లకు, రాత వర్క్‌షీట్లు తీసేసి నోటితో గుర్తుపెట్టుకునేలా మార్చిన కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీని, స్థానిక కార్యకర్తలే గుంపులుగా ఇచ్చారు. ఆరు నెలల తర్వాత చూస్తే కుంగుబాటు లేదా ఆందోళన ఉన్నట్టు తేలినవాళ్లు ఆ చికిత్స పొందినవాళ్లలో 9 శాతం, విడివిడిగా సాయం మాత్రమే పొందినవాళ్లలో 42 శాతం. కళ్ల పద్ధతికీ టర్కీలోని సిరియా శరణార్థుల శిబిరంలో మంచి ఫలితాలు వచ్చాయి.

ఇది మన అడవి అంచుకు నేరుగా వర్తించే విషయం. 2005లో సల్వా జుడుం మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్ నుంచి పారిపోయి వచ్చి ఇటు అడవుల్లో గుడిసెలు వేసుకున్న గొత్తికోయలకు గుర్తున్నది ఒక్క రాత్రి కాదు. తగలబడిన ఊళ్లు, చావులు, ఆ తర్వాత ఇక్కడ గుడిసెలు పీకేస్తారన్న భయం. ఇలాంటి వాళ్ల కోసం నెరేటివ్ ఎక్స్‌పోజర్ థెరపీ అనే పద్ధతి ఉంది. నేల మీద తాడు పరిచి, మంచి ఘటనకు పువ్వు, చెడ్డదానికి రాయి పెడుతూ జీవితమంతా వరసలో చెప్పిస్తారు. కానీ కోయ మాట తెలియని థెరపిస్టు దుబాసీని పెట్టుకుని “నావల్లే” అన్న మాట వెనక అర్థం తర్కించలేరు. ఆ మాట తెలిసిన ఆశా కార్యకర్తకు శిక్షణ ఇవ్వడం అంతకంటే నయం. ఇల్లు పోతుందన్న భయం నిజమైనప్పుడు దాన్ని తగ్గించేది పట్టా కాగితం, వేళ్లు కాదు.

చికిత్స దారి తప్పుతోందని ఎలా తెలుస్తుంది? జరిగినదంతా పేపర్లో వార్త చదివినట్టు చెబుతూ ముఖంలో ఏ మార్పూ లేకపోతే ఆమె ఇంకా తప్పించుకుంటోందన్నమాట. చూపు నిలిచిపోయి, పిలిస్తే పలకక, ఎక్కడున్నదో తెలియకపోతే అది రెండో అంచు. అప్పుడు ఆపి, కాళ్లు నేలకు ఆనించి, చుట్టూ ఉన్నవాటి పేర్లు చెప్పించాలి. మొదటి రెండు వారాలు కలలు ఎక్కువ కావచ్చు, దానికి కంగారుపడక్కర్లేదు. ప్రతి వారం ఇరవై ప్రశ్నల పీసీఎల్-5 పట్టీ నింపిస్తే 80కి ఎన్నో మార్కు వస్తుంది. అయిదారు సిట్టింగులైనా అది కదలకపోతే పద్ధతి మార్చాలి, లేదా తాగుడు, కుంగుబాటు, ఇంట్లో కొట్టడం లాంటి వేరే కారణం వెతకాలి.

టెలీ మానస్ నంబర్ 14416కు తెలుగులో ఫోన్ చేయవచ్చు. ఫోన్‌లో ఈ చికిత్సలు పూర్తిగా జరగవు, మాట్లాడి ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. థెరపిస్టు దొరికాక ముందే అడగాల్సినవి: ఏ పద్ధతిలో శిక్షణ పొందారు, ఎవరి పర్యవేక్షణలో చేస్తున్నారు, ఎన్ని సిట్టింగులు అనుకుంటున్నారు, తగ్గుతోందో లేదో దేనితో కొలుస్తారు. ఒక్క సిట్టింగులో మాన్పిస్తామన్నవాళ్ల దగ్గరికి, వరద గురించి అసలు ఎత్తకుండా నెలల తరబడి ధైర్యం మాత్రమే చెప్పేవాళ్ల దగ్గరికి బస్సు చార్జీలు పెట్టుకుని వెళ్లొద్దు.