రూపాయి పంపి పట్టుకున్న తప్పు

రాజమండ్రిలో మా వీధి మలుపు దగ్గరున్న కిరాణా కొట్టులో సాయంత్రం ఆరింటి నుంచి ఎనిమిదిన్నర దాకా బేరం తెరిపి లేకుండా సాగుతుంది. ఆ వేళలో కొట్టాయన చేతులు రెండూ ఖాళీగా ఉండవు. కందిపప్పు తూస్తూనో, నూనె ప్యాకెట్లు అందిస్తూనో ఉంటారు. బల్ల మీద క్యూఆర్ కోడ్, దాని పక్కన స్టాండులో ఆయన ఫోను. ఎవరు డబ్బు పంపినా ఆ ఫోను “పేమెంట్ అందింది” అని పలికేది. ఎంతో చెప్పేది కాదు, ఎవరో చెప్పేది కాదు. ముందే రికార్డు చేసి యాప్‌లో పెట్టిన ఒకే ఒక్క మాట. అది వినగానే ఆయన తలెత్తకుండానే “సరేనమ్మా” అనేవారు, వరస కదిలేది.

ఒకరోజు ఆ మాట ఆగిపోయింది.

మొదట ఎవరికీ పెద్దగా పట్టలేదు. వచ్చినవాళ్ళు తమ ఫోను తిప్పి పచ్చ టిక్కు చూపించేవారు, ఆయన తలూపేవారు. తర్వాత ఒక కుర్రాడు ₹640 సరుకులకి అలాగే టిక్కు చూపించి వెళ్ళాడు. రాత్రి లెక్క చూసుకుంటే ఆ డబ్బు రాలేదు. పాత పేమెంట్ తాలూకు స్క్రీన్‌షాట్ చూపించాడో, అచ్చం పేమెంట్ తెరలాగే కనిపించే నకిలీ యాప్ వాడాడో తెలియదు. రెండూ లోకంలో ఉన్నవే. అప్పట్నించి ఆయన ప్రతి ఒక్కరి ఫోనూ చేతికి తీసుకుని తేదీ, టైము, కింద పన్నెండంకెల నంబరు చదవడం మొదలుపెట్టారు. అది చాలక తన ఫోను తెరిచి చరిత్రలో ఆ పేమెంట్ వచ్చిందో లేదో వెతికేవారు. బ్యాంకు ఎస్సెమ్మెస్ కోసం ఆగుదామంటే, చిన్న మొత్తాలకి కొన్ని బ్యాంకులు అసలు పంపవు.

ఏళ్ళ తరబడి పాలప్యాకెట్ కొనే రిటైర్డు మాస్టారు ఒకరు ఆ వరసలో నిలబడ్డారు. “ఒక్క నిమిషం మాస్టారూ, చూస్తాను” అని కొట్టాయన ఫోను కోసం చెయ్యి చాచారు. మాస్టారు ఫోను ఇచ్చారు, చూపించారు, ఏమీ అనలేదు. మర్నాటి నుంచి ఎదుటి కొట్టుకు వెళ్ళారు. కొట్టాయన చేసిన దాంట్లో తప్పు లేదు, మాస్టారు నొచ్చుకోవడంలోనూ తప్పు లేదు. ఆ ఫోను మాట్లాడినన్నాళ్ళూ ఎవరినీ ఎవరూ అనుమానించాల్సిన పని పడలేదు. నలుగురి ఎదుటా అదే సాక్ష్యం చెప్పేది.

బాగుచేసే ప్రయత్నాలు జరగకపోలేదు. కొట్టాయన మేనల్లుడు వాల్యూమ్ పూర్తిగా పెంచాడు, ఫోను ఆపి మళ్ళీ వేశాడు, యాప్ అప్‌డేట్ చేశాడు. తెలిసినవాళ్ళు ఫోనే మార్చేయమన్నారు. చివరికి మెయిన్ రోడ్డులో సెల్ రిపేర్ కొట్టు నడిపే కుర్రాడు ఒక సాయంత్రం వచ్చాడు. అతని పనితీరు చూడ్డం నాకు దొరికిన అదృష్టం. ఈ వ్యాసం ఆ పనితీరు గురించే.

అతను ముందు ఫోను ముట్టుకోలేదు. “ఎప్పట్నించి బాబాయ్?” అని అడిగాడు. “అంతకు ముందు రోజు ఏం జరిగింది? కొత్త యాప్ ఏదైనా వేశారా? పిల్లలకి ఇచ్చారా?” కొట్టాయనకి ఏమీ గుర్తు రాలేదు. మేనల్లుడు మాత్రం “యాప్ తీసేసి మళ్ళీ వేస్తే పోతుంది కదా అన్నా” అన్నాడు. కుర్రాడు వద్దన్నాడు. అలా చేస్తే బహుశా పని చేసేది కూడా. కానీ తప్పు ఎక్కడుందో చూపించే ఆనవాలు దాంతోపాటే చెరిగిపోతుంది, మళ్ళీ ఆగితే మళ్ళీ మొదటికే. పైగా కొత్తగా వేసిన యాప్‌లో బ్యాంకులో ఇచ్చిన ఫోను నంబరుతో మళ్ళీ లాగిన్ కావాలి. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి, కొత్తగా వేసిన యాప్ నోటిఫికేషన్లు పంపడానికి అనుమతి అడుగుతుంది. బేరం హడావుడిలో ఎవరైనా అక్కడ వద్దని నొక్కితే ఉన్నదీ పోతుంది. సులువుగా దొరికే మందుని పక్కన పెట్టి రోగమేమిటో ముందు చూద్దామన్న ఆ నిగ్రహం నాకు ఎంతో నచ్చింది.

తర్వాత అతను తన ఫోను తీసి, క్యూఆర్ స్కాన్ చేసి, ఒక రూపాయి పంపాడు. పంపి, రెండు చేతులూ కట్టుకుని కొట్టాయన ఫోను తెరవైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆ రూపాయి ఎన్ని చేతులు మారుతుందో తెలిస్తే అతను ఏం చూస్తున్నాడో అర్థమవుతుంది. పంపినవాడి బ్యాంకులో డబ్బు తగ్గాలి. యూపీఐ నడిపే ఎన్‌పీసీఐ వ్యవస్థ దాటి కొట్టాయన బ్యాంకులో జమ కావాలి. జమ అయినట్టు పేమెంట్ కంపెనీ సర్వరుకి కబురు అందాలి. ఆ సర్వరు ఇంటర్నెట్ మీదుగా ఫోనుకి నోటిఫికేషన్ పంపాలి. ఫోను నిద్రలో ఉన్నా దాన్ని అందుకోవాలి. అప్పుడు శబ్దం చేయాలా వద్దా అని తన సెట్టింగులు చూసుకుని, చేయమని ఉంటేనే పలకాలి. మాట వినిపించకపోవడానికి ఇందులో ఏ మెట్టు విరిగినా చాలు. అన్నిటికీ పైకి కనిపించే లక్షణం ఒక్కటే, నిశ్శబ్దం.

రూపాయి పంపిన రెండు మూడు క్షణాలకి ఫోను పైఅంచున చిన్న గుర్తు వచ్చి నిలిచింది. చప్పుడు లేదు, తెర మీదకి దూకి కనిపించడమూ లేదు. కుర్రాడు వేలితో పైనుంచి కిందకి లాగాడు. అడుగున, మిగతా వాటికి విడిగా, ఒక రూపాయి అందినట్టు నోటిఫికేషన్ ఉంది. “వచ్చింది బాబాయ్, చెప్పట్లేదంతే” అన్నాడు.

ఆ ఒక్క చూపుతో సగం పైగా అనుమానాలు తీరిపోయాయి. నోటిఫికేషన్ వచ్చిందంటే బ్యాంకు బాగుంది, సర్వరు బాగుంది, నెట్ బాగుంది. బ్యాటరీ పొదుపు కోసం ఫోను యాప్‌ని నిద్రపుచ్చడం కూడా, కనీసం తెర వెలిగి ఉన్నప్పుడు, లేదు. ఇక మిగిలింది చివరి మెట్టు, శబ్దం. అది మొత్తం ఫోనులో పోయిందా, ఈ యాప్‌కే పోయిందా? పాట పెట్టి చూస్తే చాలదని అతనికి తెలుసు. పాటల వాల్యూమ్ వేరు, నోటిఫికేషన్ల వాల్యూమ్ వేరు. మేనల్లుడు పెంచింది మొదటిది. అందుకని తన ఫోను నుంచి కొట్టాయనకి ఒక మెసేజ్ పంపాడు. టింగుమంది. అంటే స్పీకరు, నోటిఫికేషన్ వాల్యూమ్ రెండూ సరిగ్గానే ఉన్నాయి, డిస్టర్బ్ చేయొద్దనే సెట్టింగూ లేదు. బ్లూటూత్ కూడా చూశాడు. ఇంట్లో ఎవరి ఇయర్‌ఫోన్లకో ఫోను కలిసిపోయి ఉంటే శబ్దం అక్కడ మోగుతుంది, కొట్టులో వినపడదు. అదీ కాదు.

అప్పుడు గానీ అతను సెట్టింగ్స్ తెరవలేదు. యాప్ పేరు, దానిలో Notifications, దానిలో వర్గాల జాబితా. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి ప్రతి యాప్ తన నోటిఫికేషన్లని వర్గాలుగా విడదీయాలి, ఒక్కో వర్గానికీ శబ్దం ఉండాలో వద్దో ఫోను యజమాని విడిగా నిర్ణయించుకోవచ్చు. పైన యాప్ మొత్తానికి అనుమతి ఉంది, మేనల్లుడు అక్కడిదాకా చూసి ఆగిపోయాడు. లోపల ఒక వర్గం పక్కన Silent అని ఉంది.

కొట్టాయనకి అప్పుడు గుర్తొచ్చింది. ఓ రోజు మధ్యాహ్నం కునుకు తీస్తుంటే “మీకు లోను మంజూరైంది” అంటూ అదే యాప్ అదే పనిగా మోగింది. విసుగొచ్చి ఆ నోటిఫికేషన్ మీద వేలు నొక్కిపెట్టారు. ఫోను అడిగిన వాటిలో Silent ఎంచుకున్నారు. ఆయన నోరు మూయించాలనుకున్నది లోను ప్రకటనని. కానీ ఆ యాప్ చేసినవాళ్ళు ప్రకటనలనీ పేమెంట్ కబుర్లనీ ఒకే వర్గంలో వేశారు. ఒకటి నొక్కితే రెండూ మూగబోయాయి. ఇది కొట్టాయన తప్పు కాదని నేను గట్టిగా అంటాను. వ్యాపారి బతుకుతెరువుకి సంబంధించిన కబురునీ, అమ్ముకునే ప్రకటననీ ఒకే మీటకి కట్టడం చేతగాని పని. రెండింటికీ వేర్వేరు వర్గాలు పెట్టడానికి కావలసిన సదుపాయం ఫోనులో ఏళ్ళుగా ఉంది.

అప్‌డేట్ ఎందుకు పనిచేయలేదో కూడా కుర్రాడు మేనల్లుడికి చెప్పాడు. ఒక వర్గాన్ని యజమాని నిశ్శబ్దం చేశాక, యాప్ తనంతట తాను దాన్ని మళ్ళీ మోగించలేదు. ఆండ్రాయిడ్ దానికి ఆ అధికారం ఇవ్వదు. ఎన్నిసార్లు అప్‌డేట్ చేసినా, ఫోను ఎన్నిసార్లు ఆపి వేసినా యజమాని మాటే చెల్లుతుంది. మళ్ళీ అనుమతి ఇవ్వాల్సింది ఆ యజమానే. Silent తీసి Default పెట్టాడు. కింద శబ్దం ఏదో కూడా చూశాడు, యాప్ తాలూకు మాటే ఉంది. ఇంకో రూపాయి పంపాడు.

“పేమెంట్ అందింది.”

వరసలో ఉన్న ఆవిడ ఒకరు నవ్వేశారు. కొట్టాయన జేబులో చెయ్యి పెట్టి “ఎంతివ్వాలి బాబూ” అని కుర్రాణ్ణి అడిగారు. ఇక్కడే వెళ్ళిపోయే రిపేరువాళ్ళని చాలామందిని చూశాను. ఇతను వెళ్ళలేదు. ఫోను తెర ఆపి, స్టాండులో పెట్టి, “ఓ పావుగంట ముట్టుకోకండి బాబాయ్” అని బయట అరుగు మీద కూర్చున్నాడు. చేతిలో వెలుగుతున్న ఫోను వేరు, చాలాసేపు కదలకుండా పడున్న ఫోను వేరు. కొన్ని కంపెనీల ఫోన్లు కదలిక లేనప్పుడు యాప్‌లని గట్టిగా అణిచేస్తాయి, నోటిఫికేషన్లు ఆలస్యంగా గుంపుగా వస్తాయి. వరసలో మనిషి నిలబడి ఉన్నప్పుడు పది నిమిషాల తర్వాత వచ్చే కబురు ఎవరికి కావాలి? పావుగంటయ్యాక మూడో రూపాయి పంపాడు. వెంటనే పలికింది. అయినా ఆ యాప్‌కి బ్యాటరీ పొదుపు నుంచి మినహాయింపు ఇచ్చాడు.

రెండు మాటలు దాచకుండా చెప్పాడు. లోను ప్రకటనలు కూడా ఇప్పుడు మళ్ళీ మోగుతాయి. యాప్ లోపల ఆఫర్ల కబుర్లకి మీట ఉంటే దాన్ని ఆపేశాడు, కానీ పూర్తిగా ఆగుతాయని మాట ఇవ్వలేనన్నాడు. రెండోది, మాట వినిపించినంత మాత్రాన ఎంత వచ్చిందో తెలిసినట్టు కాదు. ₹640 బదులు ₹64 పంపినా ఈ ఫోను అదే మాట అంటుంది. పెద్ద మొత్తమైతే చరిత్ర తెరిచి అంకె చూసుకోమన్నాడు. మొత్తం కూడా పలికే సౌండ్‌బాక్స్ పెట్టుకోవచ్చు, దానికి విడిగా సిమ్ ఉంటుంది కాబట్టి ఈ సెట్టింగుల గొడవ తగలదు, కానీ సాధారణంగా నెలనెలా అద్దె ఉంటుంది.

₹50 తీసుకున్నాడు. తను పంపిన మూడు రూపాయలు అడగలేదు.

మర్నాడు పొద్దున కొట్టాయన పాలప్యాకెట్ పట్టుకుని మాస్టారి ఇంటికి స్వయంగా వెళ్ళి జరిగింది చెప్పారు. మాస్టారు మళ్ళీ వస్తున్నారు. ఆయనలాగే కొట్టు మానేసిన మిగతావాళ్ళందరూ రాలేదు. ఇప్పుడు ప్రతి సోమవారం కొట్టు తెరవగానే కొట్టాయన వాళ్ళావిడ ఫోను నుంచి ఒక రూపాయి పంపించుకుంటారు, తన ఫోను తెర ఆపేసి, స్టాండులో పెట్టి.