ఆరు కోట్లు ఏ పేజీలో ఉన్నాయి?

కొడంగల్ నుంచి తాండూరు వెళ్లే రోడ్డు మీద పప్పు మిల్లు ఉన్న ఒక పెద్దాయన కంపెనీ అమ్ముదామనుకున్నాడు. పిల్లలు మిల్లు వైపు రారు, ఆయనకు ఓపిక తగ్గింది. హైదరాబాద్‌లోని ఒక ఆహార సంస్థ ఇంగ్లిషులో ప్రతిపాదన పంపింది. ముందు నాలుగు పేజీల ఉత్తరం, దాని వెనక నలభై పేజీల డ్యూ డిలిజెన్స్ జాబితా. లెక్కలు రాయడం, కంపెనీ కాగితాలు దాఖలు చేయడం నా పని కాబట్టి ఆ కట్ట నా టేబుల్ మీదికి చేరింది. ఆయన చదివించుకున్నది ఒక్క వాక్యమే, ధర ఆరు కోట్లు అన్నది. మిగతా నలభై పేజీలు గుమస్తా చూసుకుంటాడులే అన్నాడు. కానీ ఆరు కోట్లలో ఎంత చేతికొస్తుందో తేలేది ఆ నలభై పేజీల్లోనే. అంకెలు లెక్కకు సులువుగా ఉండేలా మార్చి రాస్తున్నాను.

మొదటి పేజీ చదివి చెప్పగానే ఆయనకు కోపమొచ్చింది. ఎనిమిదేళ్ల బ్యాలెన్స్ షీట్లు, పీఎఫ్ చలాన్లు, కోర్టు కేసులు, మానేసిన హమాలీల లెక్కలు.

"గివన్ని ఎందుకు సారూ? మిల్లు కొంటున్నరా, నా జాతకం కొంటున్నరా?"

"మిల్లు కాదన్నా, కంపెనీని కొంటున్నరు."

తేడా ఇక్కడే ఉంది. యంత్రాలు, గోదాములు మాత్రమే అమ్మితే పాత బాకీలు చాలావరకు పాత కంపెనీ దగ్గరే ఉండిపోతాయి. ఇక్కడ వాళ్లు అడిగింది షేర్లు. షేర్లు చేతులు మారినా కంపెనీ అదే. 2019లో కట్టాల్సిన పన్ను మీద రేపు నోటీసొస్తే కట్టేది ఆ కంపెనీయే, అంటే కొత్త యజమాని డబ్బే. కాబట్టి వెనక్కి తవ్వుతారు. ఎనిమిదేళ్లే ఎందుకంటే, పుస్తకాలు అన్నేళ్లు దాచాలని 2013 కంపెనీల చట్టమే చెబుతోంది.

భూమి దగ్గర ఆయన ధీమాగా ఉన్నాడు. అసలు ముడి అక్కడే పడింది. మిల్లు షెడ్డు ఉన్న ఎకరన్నర కంపెనీ పేరున ఉంది. వెనక గోదాము కట్టిన జాగా ఆయన సొంత పేరున ఉంది, కంపెనీతో కౌలు కాగితం కూడా లేదు. తన కంపెనీకి తనే కౌలు రాసుకోవడమేమిటని ఎప్పుడూ అనుకోలేదు. షేర్లు అమ్మిన మర్నాడు ఆ గోదాము ఎవరిది? గోడలు కంపెనీ పుస్తకాల్లో, నేల ఆయన పాస్‌బుక్‌లో. జాబితాలో దీనికున్నది ఒక్క వరసే: కంపెనీ వాడుకుంటూ కంపెనీది కాని ఆస్తుల వివరాలు. దాన్ని ఖాళీగా వదిలేస్తే ఆరు కోట్లలోనే గోదాము జాగా కూడా కలిసిందని వాళ్లు అనుకుంటారు. విడిగా రాసి, విడిగా కౌలో ధరో అడగాలి. పైగా ఆ జాగా పాస్‌బుక్‌లో ఇప్పటికీ సాగు భూమే. 2006 చట్టం ప్రకారం వ్యవసాయేతర వాడకానికి మార్పిడి ఉత్తర్వు ఉండాలి. అమ్మకానికి ముందే తెచ్చుకుంటే అయ్యేది ఫీజూ జరిమానా ఖర్చే. కొనేవాళ్ల వకీలు కనిపెడితే అదే ధర తగ్గించడానికి సాకవుతుంది.

అదే భూమి కాగితాల మీద హైదరాబాద్ వకీలు ఇంకో ప్రశ్న వేశాడు. ఒకే సర్వే నంబరుకు మూడు జిల్లాల పేర్లేమిటని. మన వాళ్లకు వింత కాదు. కొడంగల్, తాండూరు తాలూకాలు హైదరాబాద్ సంస్థానంలో గుల్బర్గా జిల్లావి. 1956లో రాష్ట్రాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు గుల్బర్గా మైసూరుకు పోయింది, ఈ రెండు తాలూకాలు ఇటే ఉండిపోయాయి. కొడంగల్ మహబూబ్‌నగర్ జిల్లాలో కలిసింది, 2016 అక్టోబరులో వికారాబాద్ జిల్లాకు వచ్చింది. తాతగారి కాగితం మీద గుల్బర్గా, నాన్నగారి దస్తావేజు మీద మహబూబ్‌నగర్, కొత్త ఈసీ మీద వికారాబాద్. ఇది లోపం కాదు, చరిత్ర. అయినా వకీలుకు చరిత్ర నోటితో చెబితే సరిపోదు కనుక, ఏ ఏడు ఏ జిల్లా అన్నది ఒక పేజీలో రాసి, ప్రభుత్వ ఉత్తర్వుల నకళ్లు జతచేశాం. ఆ ప్రశ్న మళ్లీ రాలేదు.

తర్వాత బ్రాండు. సంచి మీద పైన మిల్లు సొంత పేరు, కింద పెద్దక్షరాల్లో తాండూరు కందిపప్పు. "మా పేరుకే సగం ధర పలుకుతది" అని ఆయన గట్టిగా నమ్మాడు. ఆ రెండు పేర్లనూ విడదీసి చూడాలని చెప్పాను. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అలాంటి పేరు ఒక మిల్లు ఆస్తి కాదు. 1999 చట్టం ప్రకారం దాన్ని అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి వీల్లేదు. అధీకృత వాడకందారుగా నమోదు చేయించుకోవచ్చు, అంతే. కాబట్టి తాండూరు పేరు మా బ్రాండు అని జాబితాలో రాస్తే, తనది కానిదాన్ని అమ్ముతున్నట్టు ఆయనే రాసిచ్చినట్టవుతుంది.

సొంత పేరు సంగతి ఇంకా చిక్కుగా ఉంది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు బ్రాండు లేని పప్పుకు పన్ను లేదు, రిజిస్టరైన బ్రాండు ఉన్న ప్యాకెట్‌కు ఐదు శాతం. ఆ సెప్టెంబరులో రిజిస్టర్ కాని పేర్లకూ పన్ను వర్తింపజేస్తూ ప్రభుత్వం ఒక వెసులుబాటు ఇచ్చింది: సంచి మీద పేరున్నా, ఆ పేరు కోసం ఇంకొకరి మీద దావా వేసే హక్కును వదులుకుంటున్నానని అఫిడవిట్ ఇచ్చి, ఆ మాట సంచి మీద కూడా అచ్చువేస్తే పన్ను అక్కర్లేదు. మన మిల్లులు చాలా ఆ దారినే పట్టాయి. ఈయనా ఇచ్చాడు, ఇచ్చి మరిచిపోయాడు. 2022 జులై 18 నుంచి పద్ధతి మారి, బ్రాండుతో పని లేకుండా, ఇరవై ఐదు కిలోల వరకు ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన సంచులకు ఐదు శాతం వచ్చింది. ఇప్పుడు జాబితాలో ఒక వరస అడుగుతోంది: కంపెనీ తన పేర్ల మీద వదులుకున్న హక్కులు ఏమైనా ఉన్నాయా? ఆయన లేదనబోయాడు. పాత ఫైలు తీసి అఫిడవిట్ చూపించాను. అది ఇస్తే రెండు ప్రశ్నలొస్తాయి. ఆ ఐదేళ్లూ సంచి మీద ఆ మాట అచ్చయిందా? కాకపోయుంటే పన్ను పడుతుందా? పాత సంచి ఒకటి గోదాములో దొరికింది, దాని మీద ఆ వాక్యం ఉంది. సంచి ఫొటో కూడా జతచేశాం.

ఇలా అడిగిన చోటల్లా ఉన్నది చెప్పేయడం ఆయనకు నచ్చలేదు. లోపం మనమే చెప్పుకుంటే బేరం చెడిపోదా అని బాధ. నిజమే, కొంత తగ్గుతుంది. కానీ ఒప్పందం చివర ఒక భాగం ఉంటుంది: చెప్పిన లోపాలకు అమ్మినవాడి పూచీ లేదు, దాచినవాటికి ఉంది. ముందే రాసిచ్చినది ధర బేరంలో తేలిపోతుంది. లేదని రాసి తర్వాత బయటపడితే నష్టపరిహారంగా ఆయన ఇంటికే వస్తుంది. ర్యాన్‌బాక్సీ కథ అదే. 2008లో జపాన్‌కు చెందిన దైచీ శాంక్యో ఆ మందుల కంపెనీని కొన్నది. అమెరికాలో నడుస్తున్న దర్యాప్తుల సంగతి తమకు దాచారని తర్వాత కేసు పెట్టింది. 2016లో సింగపూర్ మధ్యవర్తులు అమ్మిన అన్నదమ్ములు రెండున్నర వేల కోట్లకు పైగా కట్టాలన్నారు, 2018లో ఢిల్లీ హైకోర్టు దాన్ని నిలబెట్టింది. అంత పెద్ద వాళ్ల కథ చెబితే ఆయన నవ్వాడు కానీ, ఆ తర్వాత తనే ఒక సంగతి బయటపెట్టాడు. 2016లో తీర్చేసిన టర్మ్ లోను ఒకటుంది. అప్పు తీరింది కానీ, తీరిందని సీహెచ్‌జీ-4 ఫారం ఎవరూ వేయలేదు. కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో ఎవరు చూసినా మిల్లు ఇంకా తాకట్టులోనే కనిపిస్తుంది. ముప్పై రోజుల్లో వేయాల్సింది. మూడు వందల రోజులు దాటితే రిజిస్ట్రార్ చేతిలో ఉండదు, ఆలస్యం మన్నించమని రీజినల్ డైరెక్టర్‌కు దరఖాస్తు పెట్టాలి. దానికి బ్యాంకు నుంచి బాకీ లేదన్న పత్రం తేవాలి. నెలలు పట్టే పని కాబట్టి, అన్నిటికన్నా ముందు అదే మొదలుపెట్టించాను.

చివరికి ఆయన విసుక్కున్న వరస దగ్గరికి వచ్చాం: ఇరవై నాలుగు నెలల స్టాక్, రావలసిన బాకీలు, ఇవ్వవలసిన బాకీలు, నెలవారీగా. బ్యాంకుకిచ్చిన స్టాక్ స్టేట్‌మెంట్లతో సహా. "సంవత్సరం లెక్క ఇచ్చినం గద" అన్నాడు. నా లెక్కలో మొత్తం జాబితాలో అత్యంత ఖరీదైన వరస ఇదే.

ప్రతిపాదనలో ధర పక్కనే ఒక షరతు ఉంది. అప్పు తీసేసి, మామూలుగా ఉండే సరుకూ బాకీలూ మిల్లులో మిగిల్చి ఇవ్వాలి. మామూలు అంటే పన్నెండు నెలల సగటు, రెండు కోట్ల ఇరవై లక్షలు. అంతకన్నా తక్కువుంటే ధరలో కోస్తారు. ఎక్కువుంటే? ఆ సంగతి షరతులో లేదు.

కందులు మన దగ్గర డిసెంబరు నుంచి వస్తాయి, ఫిబ్రవరికి గోదాములు నిండుతాయి. సీసీ కూడా అప్పుడే పైకెక్కి ఉంటుంది. ఆగస్టుకు సరుకు తరిగి, అమ్మిన డబ్బు సీసీలో పడి అప్పూ దిగుతుంది. ఆగస్టులో చేతులు మారితే సీసీ కోటీ పది లక్షలు, సరుకూ బాకీలు కలిపి కోటీ అరవై. ఆరు కోట్లలో అప్పు కోటీ పది పోను, సగటుకన్నా తగ్గిన అరవై లక్షలు పోను, చేతికి నాలుగు కోట్ల ముప్పై. ఫిబ్రవరిలో అయితే సీసీ రెండున్నర కోట్లు, సరుకూ బాకీలు మూడు కోట్లు. అప్పు పోను మూడున్నర మిగులుతుంది. సగటుకు మించిన ఎనభై లక్షలు కలిపితే అదీ నాలుగు కోట్ల ముప్పయ్యే. అంటే న్యాయంగా రాస్తే ఏ నెలలో అమ్మినా ఒకటే. కోయడం మాత్రమే ఉండి కలపడం లేకపోతే, ఫిబ్రవరిలో ఆ ఎనభై లక్షల కందులు ఊరికే ఇచ్చినట్టు. వాళ్లు ఉత్తరంలో అడిగిన నెల ఫిబ్రవరి.

ఆయన కాగితం మీద ఈ లెక్క రెండుసార్లు తనే వేసి చూసుకున్నాడు. తర్వాత మేము రాసిన జవాబులో మొదటి కోరిక, ఎక్కువైతే కలపాలి అన్నది. నాలుగు రోజులకు ఒప్పుకున్నారు. రెండో కోరిక మీద ఇంకా ఉత్తరాలు నడుస్తున్నాయి. పోయిన పన్నెండు నెలల్లో మిల్లు సరుకు ఎక్కువగా నిలవ చేసింది కనుక సగటు పైకి పోయింది. ఇరవై నాలుగు నెలలు తీసుకుంటే కోటీ తొంభై ఐదు లక్షలకు దిగుతుంది. సగటు దిగితే ఏ నెలలో అమ్మినా ఆయనకు పాతిక లక్షలు మిగులుతాయి. ఇరవై నాలుగు నెలల లెక్క అడిగింది మీరే, సగటుకు పన్నెండే ఎందుకు తీసుకున్నారని రాశాం.