టాబ్లెట్ల షీటు చూపించమన్న మేడంకి

మా వదిన ఒక సబ్‌సెంటర్‌లో ఏఎన్‌ఎం. బీఎస్సీ నర్సింగ్ పిల్లలు కమ్యూనిటీ పోస్టింగ్‌కి వస్తే ఇళ్ల విజిట్లకు ఆమె వెంటే తిరుగుతారు. ఈసారి వచ్చిన ఒకమ్మాయి వెళ్లేముందు ఇచ్చిన ఉత్తరం ఆదివారం నా చేతికొచ్చింది. ‘మీ అమూల్యమైన మార్గదర్శకత్వంలో’ అని మొదలయ్యే కృతజ్ఞతలంటే నాకెంత చిరాకో ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. పైన పేరు మార్చి ఎవరికిచ్చినా చెల్లుతాయవి. ఈ ఉత్తరం ఇంకెవరికీ చెల్లదు. ప్రాణం లేచొచ్చినట్టయింది.

అందులో ఒకే ఒక్క ఇంటి సంగతి ఉంది. గర్భిణికి హిమోగ్లోబిన్ 8.4. గర్భిణిలో 11కి తగ్గితే రక్తహీనత, 7కి తగ్గితే వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. ఈమెకు నెలల తరబడి ఐరన్ మాత్రలు ఇస్తున్నా అంకె కదల్లేదు. అమ్మాయి ఫ్లాష్ కార్డులు తీసి ఆకుకూరలు, పల్లీలు, గుడ్లు అంటూ నేర్చుకున్న పాఠమంతా చెప్పింది. ‘మేడం, మీరు నన్ను మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక, ఆ టాబ్లెట్ల షీటు ఒకసారి తీసుకురామ్మా అన్నారు’ అని రాసింది.

వేసుకుంటున్నావా అని అడిగితే అందరూ వేసుకుంటున్నామనే అంటారు. షీటు తెమ్మంటే సంగతి తెలుస్తుంది. అయితే మాత్రలు పెరట్లో పారేసినా షీటు ఖాళీగానే కనిపిస్తుంది కాబట్టి వదిన అక్కడితో ఆగదు. విరేచనం ఏ రంగులో అవుతోందని అడుగుతుంది. ఐరన్ లోపలికి వెళ్తుంటే నల్లగా అవుతుంది. ఆ ఇంట్లో షీటు సగం నిండుగానే ఉంది. రంగు గురించి అడగ్గానే ఆమె తలొంచుకుని, మొదట్లో నల్లగా అయ్యేసరికి కడుపులో ఏదో పాడైందని భయపడి మానేశానంది. పైగా వేసుకున్న నాలుగు రోజులూ పరగడుపున, కాల్షియం బిళ్లతో కలిపి, టీతో మింగింది. పరగడుపున వేసుకుంటే కొందరికి వికారం. టీ, కాల్షియం రెండూ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు.

వదిన ఒక్కొక్కటే చక్కబెట్టింది. నలుపు మంచి గుర్తేనని ముందు భయం తీసింది. రాత్రి అన్నం తిన్నాక ఒక మాత్ర, అది పడ్డాక రెండోది పొద్దున టిఫిన్ తర్వాత. కాల్షియానికీ దీనికీ రెండు గంటల ఎడం. టీ కనీసం గంట ఆగి. నెలకు మళ్లీ రక్తం చూశారు. 9.6 వచ్చింది. రోజుకు రెండు మాత్రలు సరిగ్గా వేసుకున్నా నెలలో కనీసం ఒక గ్రాము పెరగకపోతే కారణం వేరే ఉందన్నమాట, పైకి పంపాల్సిందే.

ఉత్తరమంటే ఇలా ఉండాలి, సబ్‌సెంటర్ గోడకు అంటించు అన్నాను. వదిన ఒప్పుకోలేదు. “ఏ గుడి వెనక వీధో, ఎన్నో కాన్పో రాసేసింది. పేరు లేకపోతేనేం, ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది. మాత్రలు మానేసిన సంగతి ఇంకా వాళ్లత్తగారికే తెలియదు” అంది.

వివరం ఎంత ఎక్కువైతే ఉత్తరం అంత గొప్పదని ఏళ్లుగా ఇక్కడ రాస్తూ వచ్చాను. నర్సు ఉత్తరం దగ్గర ఆ మాట నిలవదు. రోగి వివరం రోగిది. దాన్ని తన కృతజ్ఞతకు వాడుకునే హక్కు విద్యార్థికి లేదు. వీధి, కాన్పు, నెలలు అన్నీ కొట్టేసి మళ్లీ చదివాను. షీటు తెమ్మనడం, రంగు అడగడం, భయం తీశాకే మోతాదు చెప్పడం అన్నీ మిగిలాయి. పోయింది పొరుగువాళ్లు గుర్తుపట్టే భాగమే. అది ప్రిసెప్టర్‌కి ముందే తెలుసు.

రిజిస్టర్‌లో ఎన్ని మాత్రలు పంచారో ఎక్కుతుంది. అవి ఒంటికి ఎలా పట్టించారో రాసే గడి ఉండదు. అది రాయగలిగేది పక్కన నిలబడి చూసిన విద్యార్థే. పోస్టింగ్ పూర్తవుతున్న పిల్లలూ, మార్కుల కాగితం మీద సంతకం పడ్డాక రాయండి, ముందు రాస్తే కాకా పట్టినట్టుంటుంది. అరపేజీ చాలు. మీ మేడం ఏం అడిగారో, ఏ వరసలో అడిగారో రాయండి, ఇల్లు గుర్తుపట్టే ఒక్క ముక్కా లేకుండా. ఒక కాపీ పీహెచ్‌సీ డాక్టరుగారికి కూడా ఇచ్చి వెళ్లండి.