14 లక్షల వెనక ఉన్న షరతు

అంటువ్యాధి ముందుముందు ఎంతమందికి సోకుతుందో లెక్కగట్టిన పరిశోధనా పత్రం చేతికొస్తే, ఫలితాల పట్టిక కంటే ముందు ఆ లెక్క దేని మీద నిలబడిందో వెతుకుతాను.

2014 సెప్టెంబరులో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ ఎబోలాపై ఒక పత్రం వెలువరించింది. 2015 జనవరి 20 నాటికి లైబీరియా, సియెరా లియోన్‌లలో సుమారు 5,50,000 కేసులు, నమోదు కానివి కూడా కలిపితే 14 లక్షలు ఉండొచ్చని అంచనా. చివరికి గినీతో సహా మూడు దేశాల్లో మొత్తం నమోదైనవి 28,600 పైచిలుకు.

అయిదున్నర లక్షలు 14 లక్షలు కావడానికి కారణం 2.5 అనే గుణకం. ఆగస్టు 28న ఎన్ని ఆసుపత్రి పడకలు నిండి ఉండాలో మోడల్ చెప్పింది. నిజంగా ఎన్ని నిండాయో నిపుణులు అంచనా వేశారు. ఆ రెంటి నిష్పత్తే ఇది. ఒక్క రోజు నిష్పత్తిని నెలల తరబడి ఎలా వాడతాం? కొత్త చికిత్సా కేంద్రం తెరిస్తే నమోదు పెరుగుతుంది, ఉన్నవి కిక్కిరిస్తే తగ్గుతుంది.

అయినా నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఆ గుణకం కాదు. దాన్ని 2కి దించితే ఫలితం అయిదో వంతే తగ్గుతుంది. అసలు బరువంతా కేసులు రెట్టింపవడానికి పట్టే కాలం మీద ఉంది. లైబీరియాలో అది 15 నుంచి 20 రోజులని పత్రం చెప్పింది. 20 రోజులనుకుంటే 120 రోజుల్లో ఆరుసార్లు రెట్టింపై 64 రెట్లవుతుంది. 24 రోజులైతే అయిదుసార్లే, 32 రెట్లు. నాలుగు రోజుల తేడాకే ఫలితం సగానికి పడిపోయింది! ఆలస్యంగా అందే కేసుల వివరాలతో కొద్ది వారాల నుంచి లెక్కించిన కాలంలో అంత తేడా రావడం అరుదేమీ కాదు. అలాంటప్పుడు అంకె పక్కన అనిశ్చితి హద్దులు లేకపోవడం ఆ పత్రంలో నాకు కనిపించే పెద్ద లోపం.

ఒక విషయంలో మాత్రం రచయితలు నిజాయితీగా ఉన్నారు. అదనపు చర్యలేవీ లేకుండా, జనం ప్రవర్తన మారకుండా ఉంటేనే ఈ అంకె అని స్పష్టంగా రాశారు. రోగుల్లో 70 శాతం మందిని చికిత్సా కేంద్రాల్లోనో, వ్యాప్తి తగ్గేలా ఇళ్లలోనో ఉంచి, మృతదేహాలను సురక్షితంగా ఖననం చేస్తే జనవరి 20 నాటికి వ్యాధి దాదాపు ముగింపుకొస్తుందనీ అదే పత్రంలో ఉంది. జనం మారారు, కేంద్రాలు వచ్చాయి. కాబట్టి 14 లక్షలు నిజం కాలేదన్నంత మాత్రాన మోడల్ తప్పని తేల్చలేం. ఆ షరతు నెరవేరనే లేదు. ఆ కారణంగానే మోడల్ సరైనదనీ చెప్పలేం.

పరీక్షించే దారి ఒకటుంది. జులై చివరి దాకా ఉన్న కేసులతోనే మోడల్‌ను సరిచూసి, ఆగస్టును ఊహించమని అడగాలి. ఆ నెలనే సరిగా పట్టలేకపోతే, నాలుగు నెలల తర్వాతి అంకెను నేను ఒప్పుకోను.