వాసెన కట్టి పంపిన రోజులు

ఈ వారం నన్ను చిరాకు పెట్టింది ఒక కాగితం. తెనాలిలో మా వదిన ఆవకాయ పెట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. సరుకు సర్దే గదిలో గోడకు ఓ జాబితా అంటించింది. ఒక్కో పనికీ ఒక్కో గడి, అయ్యాక టిక్కు. జాబితాలంటే నాకు పడదని ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలిసిందే. పెళ్లి సామాన్ల చీటీల మీద రాసినందుకు తిన్న తిట్లు ఇంకా అరగలేదు. ఆవకాయ కలపడం వచ్చిన చేతికి డబ్బా కట్టడానికి చీటీ ఎందుకన్నాను.

"అయితే నువ్వే కట్టవయ్యా" అని కిలో పచ్చడి పట్టే ప్లాస్టిక్ సీసా నా ముందు పెట్టింది.

చిన్నప్పుడు ఇలాంటి బాధ లేదు. మా అమ్మ జాడీకి తెల్లగుడ్డతో వాసెన కట్టి, గోనెపట్టా చుట్టి, హైదరాబాదు వెళ్లే ఆర్టీసీ బస్సులో ఎక్కించేది. కండక్టరుకు మా ఊరి కాఫీ హోటల్లో ఖాతా ఉండేది, అదే మాకు పూచీ. డ్రైవరు వెనక సందులో జాడీ నిలబెట్టేవాడు. తెల్లారేసరికి అవతల బాబాయి ఇమ్లీబన్ బస్టాండులో కాచుకుని ఉండేవాడు. నూనె కారితే ఎక్కడ కారిందో, ఎవరి కాలు తగిలిందో కూడా తెలిసేది. జాడీ మొదటినుంచి చివరిదాకా నిటారుగానే ప్రయాణం చేసేది. ఒకే మనిషి కంటి ముందు ఉండేది కదా.

ఇప్పటి సీసా ఎన్ని చేతులు మారుతుందో, ఎన్నిసార్లు పల్టీ కొడుతుందో ఎవరికీ తెలియదు. అందుకే వదిన సీసాను మూతిదాకా నింపనివ్వదు. ముక్క మునిగేలా నూనె పోయించి, పైన వేలెడు ఖాళీ వదిలిస్తుంది. అంచును పొడిగుడ్డతో తుడిపిస్తుంది. అక్కడ నూనె చుక్క ఉంటే రేకు సీలు అంటుకోదు. సీలు వేసి, మూత బిగించి, పాత పేపరు మీద సీసాను రాత్రంతా తలకిందులుగా ఉంచుతుంది. తెల్లారి పేపరు మీద మచ్చ కనబడితే ఆ సీసా కదలదు.

పెట్టె దగ్గర నేను ఉదారంగా పోయాను. పాతిక సెంటీమీటర్ల పొడవు, ఇరవై వెడల్పు, ఇరవై ఎత్తున్నది తీసి చుట్టూ బబుల్ షీటు కుక్కాను. వదిన నవ్వింది. చాలా కొరియర్లు ఆ మూడు కొలతలనూ గుణించి 5000తో భాగిస్తాయి. దీనికి 2 కిలోలు వచ్చింది. తూకం 1.3 కిలోలే అయినా, రెంటిలో ఎక్కువైనదానికే డబ్బు కట్టాలి. అదే సీసాను 20, 15, 15 పెట్టెలో పెడితే లెక్క 0.9 కిలో వస్తుంది కాబట్టి అసలు తూకమే చెల్లుతుంది. అరకిలో మెట్ల చొప్పున ఒకటిన్నరకు కడితే సరిపోతుంది.

లేబులును పెట్టె ముఖాల్లో అన్నిటికన్నా పెద్దదాని మీద, మడతకు దూరంగా అంటించాలి. పెట్టె పాతదైతే ముందు పాత బార్‌కోడు చింపాలి, లేకపోతే స్కానరు దాన్నే చదివి పెట్టెను పాత ఊరికి తోలొచ్చు. ఈ లేబుళ్లు వేడితో అచ్చయ్యేవి కాబట్టి నూనె తగిలితే అక్షరాలు వెలిసిపోతాయి. అంటే సీసా కారితే పచ్చడితోపాటు చిరునామా కూడా పోతుంది! ఇన్‌వాయిస్‌ను లోపల విడిగా ప్లాస్టిక్ కవరులో పెడుతుంది. దాని మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐ వారి 14 అంకెల నంబరు ఉండాలి. సీసా మీది బ్యాచి నంబరును తన దగ్గరుంచుకునే ఇన్‌వాయిస్ కాపీ మీద కూడా రాసుకుంటుంది.

పికప్ కుర్రాడు వచ్చినప్పుడు వదిన గుమ్మంలోనే నిలబడింది. "ఆఫీసుకెళ్లి స్కాన్ చేస్తా ఆంటీ" అన్నాడు. "ఇక్కడే చెయ్యి నాయనా" అంది. స్కాను పడనంతవరకు ఆ పెట్టె మన చేతిలో ఉన్నట్టే లెక్క. దారిలో పోతే అడగడానికి ఆధారం ఉండదు.

జాబితా అక్కడితో అయిపోయింది. నాకు అసలు చిరాకు అప్పుడు వచ్చింది. తిరిగొచ్చే పెట్టెల సంగతేమిటి? మూలన అలాంటివి రెండు పడున్నాయి, ఎప్పుడు వచ్చాయో వదినకే గుర్తులేదు. ఫిర్యాదుకు గడువు తక్కువ, పెట్టె చేతికొచ్చినప్పటినుంచే మొదలవుతుంది. అందుకే వచ్చిన రోజే విప్పాలి. లేబులు, టేపు, విప్పడం అంతా ఆపకుండా ఒకే వీడియోలో పడాలి. పంపేటప్పుడే టేపు అంచు మీద స్కెచ్ పెన్నుతో సంతకం గీస్తే, మధ్యలో ఎవరైనా విప్పి కొత్త టేపు వేసినా పట్టేయవచ్చు. సీసా మీది బ్యాచి నంబరు ఇన్‌వాయిస్ కాపీతో సరిపోవాలి. సీలు చెక్కుచెదరకపోయినా ఆ పచ్చడిని మళ్లీ అమ్మకూడదు, పెద్ద జాడీలో అసలే కలపకూడదు. ఏ గోదాములో ఎన్ని రోజులు మగ్గిందో మనకేం తెలుసు?

వదిన దగ్గర పెన్ను తీసుకుని ఇవన్నీ కింద రాశాను. పైన మాత్రం ఇంకో గడి కలిపాను. డబ్బు ఇంటి దగ్గర ఇస్తామనేవాళ్లకు సీసా కట్టకముందే ఫోను చెయ్యాలి. తిరిగొచ్చిన ఆ రెండూ అలాంటి ఆర్డర్లే మరి.