ఫోల్డర్ పోయింది అని రాస్తే చాలదు

సర్వర్ గదిలో కూర్చునేవాళ్లకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే తీరులో ఉంటాయి: "సర్, ఫోల్డర్ కనిపించడం లేదు, అర్జెంట్." ఏ ఫోల్డర్? ఎప్పటిదాకా ఉంది? అది తెలుసుకోవడానికే సగం పూట పోతుంది. ఈమధ్య అకౌంట్స్ సెక్షన్ నుంచి ఒక గుమాస్తా రాసిన ఉత్తరం అందుకే దాచుకున్నాను.

"సర్, ఈ రోజు ఉదయం 11.20కి `\\FS01\Accounts\GST_2024-25` ఫోల్డర్‌ను పాత ఏడాదిది అనుకుని నేనే డిలీట్ చేశాను. పక్క ఫోల్డర్లలోకి జరిగిందేమోనని వెతికాను, లేదు. సంగతి తెలియక మా సెక్షన్‌లో ఒకరు 11.45కి అదే పేరుతో కొత్త ఫోల్డర్ తెరిచి రెండు ఫైళ్లు పెట్టారు. అవి చెరిగిపోకుండా, పాతదాన్ని `GST_Restored` అనే వేరే పేరుతో ఇప్పించగలరు. ఈ ఉదయం ఎక్కించిన కొనుగోలు బిల్లులు నేను మళ్లీ ఎక్కించుకుంటాను. 20వ తేదీకి రిటర్న్ వేయాలి కనుక మార్చి షీట్ ముందు వచ్చినా చాలు."

ఇందులో నాకు బాగా ఉపయోగపడినవి ఆ రెండు సమయాలు. సర్వర్ మీది షేర్‌లో డిలీట్ చేసినవి మన కంప్యూటర్ రీసైకిల్ బిన్‌లోకి రావు. కానీ విండోస్ సర్వర్‌లో షాడో కాపీలు పెట్టుకుంటే, మామూలు అమరికలో సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 7కి, మధ్యాహ్నం 12కి ఆ డ్రైవ్ అప్పటి రూపాన్ని దాస్తుంది. `Previous Versions`లో అవి కనిపిస్తాయి. సమయం రాయకపోయి ఉంటే నేను తాజాదని 12 గంటల కాపీనే తెరిచేవాణ్ణి. అందులో అదే పేరుతో ఫోల్డర్ ఉంది, లోపల ఆ రెండు కొత్త ఫైళ్లే! అసలు సరుకు 7 గంటల కాపీలో ఉంది. ఆఫీసు 10కి తెరుస్తారు కనుక పోయింది ఆ ఉదయం పని ఒక్కటే, దాన్ని ఆయనే ఒప్పుకున్నాడు.

షాడో కాపీ బ్యాకప్ కాదు. అది అదే సర్వర్‌లో ఉంటుంది, జాగా నిండితే పాతవి రాలిపోతాయి. పది రోజుల తర్వాత గమనించి ఉంటే రాత్రి బ్యాకప్‌లోకి వెళ్లాల్సి వచ్చేది.

ఆ ఉత్తరంలో ఒక్క వాక్యం లేదు: ఈ ఫోల్డర్ ఎవరెవరు చూడవచ్చు అన్నది. వేరే పేరుతో కాపీ చేసినప్పుడు అనుమతులు పాతవి రావు, పై ఫోల్డర్‌వి వస్తాయి. జీఎస్టీ లెక్కలకు ఫర్వాలేదు. జీతాల ఫోల్డర్ అయితే సెక్షన్ మొత్తం చదివేస్తుంది. మీరు రాసేటప్పుడు దారి, సమయంతో పాటు ఫోల్డర్ చూడదగిన వాళ్ల పేర్లు కూడా రాయండి.