పెదకర్మకు నాలుగు పాదాలు

భద్రాచలం అడవి అంచున ఓ ఊళ్లో, నాయనమ్మ పెదకర్మకు మనవడు పద్యం రాసుకొచ్చాడు. నిండా ‘మహోన్నతురాలు’, ‘పుణ్యమూర్తి’. పాత మాస్టారు కొట్టేసి, "ఆమె చేతులేం చేసేవిరా?" అన్నారు. తునికాకు కట్టలు కట్టేవట.

గురజాడ 1910లో తెచ్చిన ముత్యాలసరం కొత్తవాళ్లకు సులువు. మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రలు. అలా మూడు పాదాలు. చివరిది పొట్టి. మనవడు అందులోనే మళ్లీ రాశాడు.

తునికి ఆకులు కట్ట కట్టిన
వేలు నేడిక కదలదమ్మా
చెట్టు కిందన చేతి గుర్తులు
మాకు మిగిలెను

‘కట్ట’ బదులు ‘కట్టలు’ అంటే మాత్ర పెరిగి నాలుక తడబడుతుంది. ఏడుపు గొంతుతో చదివేవాడికి అసలే కష్టం. అందుకే మాస్టారు చప్పట్లు చరుస్తూ మూడుసార్లు చదివించారు. అయినా నాలుగో పాదం దగ్గర మనవడు ఆగిపోయాడు. మిగతాది మేనత్త అందుకుంది.